కళ్ళజోడు జారకుండా, తడవకుండా: గోదావరి వానల్లో నేను నేర్చుకున్న సెటప్

పోయిన జులైలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను, బైక్‌తో సహా. నరసాపురంలో పని. వాన అప్పుడే తగ్గింది కానీ ఉక్కపోత మాత్రం తగ్గలేదు. మొహం నిండా చెమట. రెయిలింగ్ దగ్గర నిలబడి, కిందకి వంగి వశిష్ఠ గోదావరిని ఫోన్‌లో ఫోటో తీస్తూ, కనుబొమ్మల మీద చెమట తుడుచుకుందామని మోచెయ్యి ఎత్తాను. రెయిన్‌కోట్ చెయ్యి తగిలి కళ్ళజోడు లేచింది. ఆ తర్వాత వినిపించింది ఒక్కటే చిన్న చప్పుడు, బుళుక్ అని.

పక్కన ఉన్న పంటు అబ్బాయి తొంగి చూసి, "ఆయ్, పోయిందాండి? ఇక్కడ లోతెక్కువండి, ఇంక దొరకదండి" అన్నాడు.

నా పవర్ రెండు కళ్ళకీ మైనస్ 6. అంటే కళ్ళజోడు లేకుండా నాకు స్పష్టంగా కనిపించేది కంటి నుంచి సుమారు 18 సెంటీమీటర్ల వరకే. ఫోన్‌ని ముక్కుకి ఆనించినంత దగ్గర పెట్టుకుని తమ్ముడికి కాల్ చేశాను. వాడు వచ్చేదాకా నరసాపురం గట్టు మీద బైక్ పక్కన కూర్చున్నాను. ఎదురుగా వచ్చేది లారీయో ఆటోయో తెలియనప్పుడు బండి తియ్యడం ఎలా?

ఫోన్‌కి కవర్ వేస్తాం, గ్లాస్ వేస్తాం, ఐపీ రేటింగ్ చూసి కొంటాం. రోజుకి పదహారు గంటలు మొహం మీద ఉండే గ్యాడ్జెట్‌కి మాత్రం ఏమీ చూడం. ఆ రోజు తర్వాత నేను కొత్త ఫ్రేమ్ తీసుకుని, వానాకాలం అంతా ఒక్కో యాక్సెసరీ ట్రై చేశాను. ఏది పనిచేసింది, ఏది డబ్బు దండగ, ఎందుకు అనేది ఈ ఆర్టికల్.

అసలు జారేది ఎందుకు?

అందరూ అనుకునేది ఏంటంటే, చెమట వల్ల ముక్కు జారుడుగా అయ్యి కళ్ళజోడు కిందకి వస్తుందని. అది సగం నిజం. చెమట, చర్మం మీది జిడ్డు, మన వైపు అయితే తలకి రాసుకునే కొబ్బరి నూనె, ఇవన్నీ ముక్కు దగ్గర పట్టు తగ్గిస్తాయి. కానీ కళ్ళజోడు బరువంతా ముందు లెన్సుల దగ్గరే ఉంటుంది కాబట్టి, పట్టు తగ్గగానే అది ముందుకి, కిందకి పోవాలని చూస్తుంది. దాన్ని ఆపాల్సింది ముక్కు కాదు, చెవి వెనక ఉన్న వంపు.

ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. కళ్ళజోడుని ముక్కు మీద సరైన చోటికి నెట్టి పెట్టండి. ఇప్పుడు చూపుడు వేలితో చెవి వెనక తడమండి. కాడ కిందకి వంగడం మొదలయ్యే చోటు, చెవి తలకి అతుక్కునే పైభాగానికి సరిగ్గా తగులుతోందా? లేక చెవి దాటి వెనక్కి ఎక్కడో వంగుతోందా? ఆ మధ్యలో ఎంత ఖాళీ ఉందో కనీసం అంత దూరం మీ కళ్ళజోడు జారుతుంది. అంత జారాక వంపు వచ్చి చెవికి తగులుతుంది, అప్పుడే ఆగుతుంది. వంపు మరీ తక్కువగా ఉంటే అక్కడ కూడా ఆగదు.

గోదావరిలో పోయిన ఫ్రేమ్, తర్వాత కొన్న ఫ్రేమ్ రెండూ ఒకే మోడల్. కొత్తది పెట్టుకుని చూస్తే ఖాళీ 8 మిల్లీమీటర్లు ఉంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ మైనస్ 6 లెన్స్ కంటి నుంచి 8 మి.మీ. ముందుకి జరిగితే, అది సరైన చోట ఉన్న మైనస్ 5.72 లెన్స్‌లాగా పనిచేస్తుంది. డాక్టర్లు పవర్ రాసేది 0.25 మెట్లలో. అంటే జారిన ప్రతిసారీ నేను ఒక మెట్టుకి పైగా తక్కువ పవర్‌తో బండి నడుపుతున్నాను. రాత్రిపూట బోర్డులు మసకగా కనిపిస్తున్నాయి, పవర్ పెరిగిందేమో అనుకున్నాను. పెరగలేదు, జారింది. పవర్ తక్కువ ఉన్నవాళ్ళకి ఈ తేడా అంతగా తెలియదు. మైనస్ 2 వాళ్ళకి అదే 8 మి.మీ.లో పోయేది 0.03 మాత్రమే.

మొదటి ఫిక్స్: వంపు సరిచేయించడం

ఇది యాక్సెసరీ కాదు, సెట్టింగ్. అందుకే దీన్ని ముందు పెట్టాను. కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి "కాడల వంపు చెవి దగ్గరికి జరపండి" అని చెప్పండి. వాళ్ళు చేసేది ఇది: మీరు పెట్టుకుని ఉండగా చెవి పైభాగం దగ్గర కాడ మీద గుర్తు పెడతారు. ఫ్రేమ్ తీసి కాడ చివరని వేడి చేస్తారు. పాత వంపుని తిన్నగా చేసి, గుర్తు దగ్గర కొత్తగా సుమారు 45 డిగ్రీలు కిందకి వంచుతారు. చివర భాగం చెవి వెనక ఎముకకి మెల్లగా ఆనుకునేలా లోపలికి తిప్పుతారు. చల్లారాక మళ్ళీ పెట్టి చూస్తారు. మొత్తం పది నిమిషాల పని.

ఇంట్లో వేడినీళ్ళతో చెయ్యొచ్చు కదా అని వీడియోలు ఉన్నాయి. కాడ చివర వరకే ముంచితే పర్వాలేదు. కానీ లెన్స్‌కి వేడి తగలకూడదు. లెన్స్ వేడికి ఎంత సాగుతుందో పైన ఉన్న యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్ అంత సాగలేదు, దాంతో కోటింగ్ మీద సన్నని సాలెగూడు లాంటి పగుళ్ళు వస్తాయి. వచ్చాక తుడిస్తే పోవు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డ్ మీద కళ్ళజోడు వదిలేసినా జరిగేది ఇదే.

ఇంకో పరిమితి కూడా ఉంది. అసిటేట్ ఫ్రేములు, లోపల తీగ ఉన్న కాడలు బాగా వంగుతాయి. టీఆర్90 అని అమ్మే నైలాన్ ఫ్రేములు తేలిగ్గా ఉంటాయి, విరగవు, కానీ అదే గుణం వల్ల వంచినా మళ్ళీ పాత ఆకారానికి వచ్చేస్తాయి. టీఆర్90 కొనేటప్పుడు కాడ చివర్లో మెటల్ తీగ ఉందో లేదో అడగండి.

నా కొత్త ఫ్రేమ్‌కి వంపు 8 మి.మీ. ముందుకి జరిపించాక, మొహం తడిపి, తల కిందకి వంచి పదిసార్లు ఊపాను. కదిలింది, కానీ జారలేదు. సమస్యలో పెద్ద భాగం అక్కడికే అయిపోయింది.

రెండోది: నోస్ ప్యాడ్స్

మెటల్ ఫ్రేములకి సన్నని తీగల మీద ప్యాడ్స్ ఉంటాయి. మొదట వచ్చేవి ఎక్కువగా గట్టి ప్లాస్టిక్‌వి. వీటి బదులు మెత్తటి సిలికాన్ ప్యాడ్స్ వేయించుకుంటే తడి మొహం మీద పట్టు బాగుంటుంది. కొనేముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, మీ ఫ్రేమ్‌కి స్క్రూతో బిగించే రకమా, నొక్కితే కూర్చునే రకమా. రెండు, సైజు. పాత ప్యాడ్‌ని పొడవు కొలిచి అదే సైజు తీసుకోండి. కాస్త పెద్దది వేస్తే బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, కానీ అది లెన్స్‌కి తగలకూడదు.

ప్యాడ్ మెటీరియల్ కంటే ముఖ్యం అది కూర్చునే కోణం. సాయంత్రం కళ్ళజోడు తీసి అద్దంలో ముక్కు చూసుకోండి. రెండు వైపులా ఒకేలా నిండు కోడిగుడ్డు ఆకారంలో ఎర్రటి గుర్తు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. నెలవంకలా ఒక అంచు మాత్రమే ఎర్రగా ఉంటే ప్యాడ్ అంచుతోనే ఆనుతోంది, మిగతా భాగం గాల్లో ఉంది. ఎంత ఖరీదైన సిలికాన్ వేసినా అప్పుడు జారుతుంది, పైగా నొప్పి. దీనికి కొత్త ప్యాడ్ అక్కర్లేదు, తీగని షాపులో కొంచెం తిప్పిస్తే చాలు.

ప్యాడ్ పక్కన పచ్చగా పేరుకుంటోందా? అది మురికి ఒక్కటే కాదు. తీగలో ఉన్న రాగికి చెమట ఉప్పు తగిలి పట్టే కిలుము, మన ఇత్తడి బిందెలకి పట్టేదే. అలా కనిపిస్తే, లేదా సిలికాన్ పసుపెక్కి గట్టిపడితే, ప్యాడ్ మార్చే టైమ్ వచ్చినట్టు. మామూలు రోజుల్లో అయితే నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. వేళ్ళతో ప్యాడ్, లెన్స్ రుద్ది కడిగి మెత్తటి బట్టతో అద్దండి. చొక్కా కొంగుతో పొడిగా తుడిస్తే రోడ్డు దుమ్ము లెన్స్ మీద గీతలు పెడుతుంది.

ప్యాడ్స్ లేని ప్లాస్టిక్ ఫ్రేమ్ అయితే అంటించే సిలికాన్ ప్యాడ్స్ దొరుకుతాయి. నాకు మన ఉక్కపోతలో జిగురు రెండు వారాలకే వదిలింది. అంటించే ముందు ఫ్రేమ్‌ని స్పిరిట్‌తో తుడిచి ఒక రాత్రి వదిలేస్తే ఇంకొన్నాళ్ళు వచ్చింది. తాత్కాలికం అనుకునే కొనండి.

హుక్ కావాలా, స్ట్రాప్ కావాలా?

కాడ చివరకి తొడిగే సిలికాన్ హుక్ చేసే పని ఒక్కటే: లేని వంపుని తెచ్చిపెట్టడం. కాబట్టి వంపు సరిచేయించుకున్నవాళ్ళకి ఇది అనవసరం. వంగని టీఆర్90 ఉన్నవాళ్ళకి మాత్రం చవకలో అయ్యే మంచి ఫిక్స్. హుక్‌ని చెవికి ఆనేదాకా ముందుకి లాగి పెట్టాలి. చాలామంది కాడ చివరే వదిలేసి "ఇది పనిచెయ్యదు బ్రో" అని రివ్యూలు రాస్తారు.

హెల్మెట్ వాడేవాళ్ళకి మాత్రం హుక్ చికాకు. హెల్మెట్ పెట్టుకున్నాక తిన్నటి కాడ సులువుగా లోపలికి దూరుతుంది, హుక్ అయితే లైనింగ్‌కి పట్టుకుంటుంది. నిజానికి హెల్మెట్ లోపల హుక్‌తో పనే లేదు, లైనింగే కాడలని నొక్కి పట్టుకుంటుంది. జారేది హెల్మెట్ తీశాక, చెమట మొహంతో నడిచేటప్పుడు.

స్ట్రాప్‌లలో రెండు రకాలని కలిపేయకండి. మెడలో వేలాడే తాడు జారకుండా ఆపదు, పడితే పట్టుకుంటుంది. తల వెనక బిగించే వెడల్పాటి పట్టీ జారకుండానే ఆపుతుంది. ఈ రెండో రకంలో ప్రసిద్ధమైన అమెరికా బ్రాండ్ చమ్స్. దాన్ని 1983లో మొదలుపెట్టింది ఒక నది గైడ్. పడవ మీద పనిచేసేవాడికే ఈ బాధ ముందు తెలుస్తుంది మరి. నా పంటు సంగతి తెలిసిందేగా.

పట్టీ బిగించాక దాని కింద ఒక వేలు సులువుగా దూరాలి. అంతకంటే బిగిస్తే కాడలు లోపలికి లాగి, ప్యాడ్స్ ముక్కులోకి గుచ్చుకుంటాయి. తడిసిన పట్టీని రోజూ ఆరబెట్టకపోతే మెడ వెనక దురద మొదలవుతుంది. నేను ఆఫీసుకి పట్టీ వాడను. పంటు, పడవ, క్రికెట్, ఈ మూడింటికే. జేబులో మడిచి పెట్టుకుంటే పట్టేస్తుంది. తాడు అయితే బైక్ మీద, మిషన్ల దగ్గర వద్దు, దేనికైనా చుట్టుకుంటుంది.

వాన: టోపీ అంచు ఎంత ఉండాలి?

ఇక జారడం అయిపోయింది, తడవడం సంగతి. మామూలు రెయిన్‌కోట్ హుడ్ రెండు తప్పులు చేస్తుంది. అంచు మెత్తగా ఉండి నీళ్ళని తిన్నగా లెన్స్ మీదే కారుస్తుంది. పైగా తల తిప్పితే హుడ్ తిరగదు, పక్క నుంచి వచ్చే బండి కనిపించదు. దీనికి సులువైన మందు: లోపల గట్టి అంచున్న క్రికెట్ టోపీ పెట్టి, దాని మీద హుడ్ లాగి తాడు బిగించడం. హుడ్ టోపీతో పాటు తిరుగుతుంది, నీళ్ళు అంచు పక్కల నుంచి కారతాయి.

ఆ అంచు సరిపోతుందా లేదా అన్నది లెక్క వేసి చూడొచ్చు. అంచు నుంచి లెన్స్ కింది భాగం దాకా ఎత్తు సుమారు 7 సెం.మీ. అనుకోండి. చినుకు ఆ 7 సెం.మీ. పడేలోపు మనం ముందుకి ఎంత వెళ్తామో, లెన్స్ కంటే అంచు అంత ముందుకి ఉండాలి. అంటే 7ని మన వేగంతో హెచ్చవేసి చినుకు వేగంతో భాగించడమే. టోపీ అంచు 7 సెం.మీ. ఉన్నా, లెన్స్ నుదురు కంటే 2 సెం.మీ. ముందే ఉంటుంది కాబట్టి మనకి మిగిలేది 5.

మామూలు వానలో 2 మి.మీ. చినుకు సెకనుకి 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. గంటకి 5 కి.మీ. నడకకి కావాల్సింది 1.5 సెం.మీ. హాయిగా సరిపోతుంది. సైకిల్ మీద గంటకి 15 కి.మీ. అయితే 4.5, అంచుల్లో పాస్. బైక్ మీద 36 కి.మీ. అయితే దాదాపు 11 సెం.మీ. కావాలి, ఏ టోపీకీ ఉండదు.

అసలు ట్విస్ట్ తుంపరలో ఉంది. అర మిల్లీమీటరు తుంపర సెకనుకి 2 మీటర్లే పడుతుంది. మెల్లగా పడే చినుకు మనకి దాదాపు ఎదురుగా వచ్చినట్టే. నడకకే 4.9 సెం.మీ. కావాలి, సైకిల్‌కి దాదాపు 15. పెద్ద వానలో టోపీతో పొడిగా ఉన్న లెన్స్, తుంపరలో తడిసిపోవడానికి కారణం ఇదే. ఈదురుగాలి కూడా మన వేగానికి కలుపుకోవాల్సిందే. అక్టోబర్ తుఫానుల్లో గాలివాన కొడుతుంటే నడకలో కూడా అంచు మీద ఆశ పెట్టుకోకండి.

కాబట్టి బైక్‌కి హెల్మెట్ వైజరే దారి. అక్కడ వచ్చే సమస్య ఆవిరి. వైజర్ మొత్తం మూస్తే ఊపిరి లోపలే తిరిగి లెన్స్ మసకబారుతుంది. ఒక మెట్టు తెరిచి ఉంచితే, బండి కదులుతున్నంతసేపూ గాలి దాన్ని తీసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంకొంచెం ఎత్తండి. హుడ్ హెల్మెట్ లోపల వేసుకోవద్దు, హెల్మెట్ తలకి సరిగ్గా కూర్చోదు. ఏసీ ఆఫీసు నుంచి బయటికి రాగానే లెన్స్ తెల్లబడేది కూడా ఇలాంటిదే. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పేరుతుంది. ఏసీలో లెన్స్ 24 దగ్గర ఉంటుంది. తుడవకండి, మళ్ళీ వస్తుంది. మెట్ల దగ్గర రెండు నిమిషాలు ఆగి, లెన్స్ వేడెక్కాక బండి తియ్యండి.

నుదుటి చెమట లెన్స్ లోపలి వైపు కారడానికి టోపీ ఏమీ చెయ్యదు. మా ఊళ్ళో చేలో పనిచేసేవాళ్ళు తలకి తుండు చుట్టేది ఇందుకే. కనుబొమ్మలకి కొంచెం పైన నూలు బ్యాండ్ పెట్టుకుంటే అదే పని చేస్తుంది. తడిసి ముద్దయ్యాక మాత్రం మార్చాలి, లేకపోతే అదే చెమటని కిందకి వదులుతుంది.

కొత్త ఫ్రేమ్ కొనేటప్పుడు

కాడ లోపల 52□18 140 లాంటి నంబర్ ఉంటుంది. ఇదే మన స్పెక్ షీట్. మొదటిది లెన్స్ వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. వంతెన మీ ముక్కుకి వెడల్పైతే ఏ యాంటీ స్లిప్పూ కాపాడదు. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళు చిన్న లెన్స్ తీసుకోండి. మైనస్ లెన్స్ అంచుల్లోనే మందం, అంచు తగ్గితే ముందు బరువు తగ్గుతుంది.

"యాంటీ స్లిప్" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొన్నింటికి కాడ మీద గీతలు మాత్రమే ఉంటాయి. చెవి దగ్గర, ముక్కు దగ్గర నిజమైన రబ్బరు ఉందా చూడండి. ఓక్లీ వాడే అనోబ్టేనియం లాంటి రబ్బరు తడిసేకొద్దీ పట్టు పెరిగేలా చేశామని కంపెనీ చెబుతుంది. అలాంటివి ఆటలకి బాగుంటాయి. కానీ మొహానికి చుట్టుకునేలా బాగా వంపు తిరిగిన స్పోర్ట్స్ ఫ్రేమ్‌లో మైనస్ 6 వేస్తే పక్కలకి చూసినప్పుడు దృశ్యం వంకరగా కనిపిస్తుంది. ఎక్కువ పవర్ వాళ్ళకి మామూలు ఫ్రేమ్, సర్దుకునే ప్యాడ్స్, వంగే కాడలే మంచి కాంబో.

నా ఫైనల్ సెటప్: వంపు సరిచేసిన పాత మోడలే, సిలికాన్ ప్యాడ్స్, బ్యాగ్‌లో ఒక టోపీ, జేబులో పట్టీ. దీంతో పాటు బండి డిక్కీలో పాత కళ్ళజోడు ఒకటి డబ్బాలో పెట్టి ఉంచాను. పవర్ పావు తక్కువే, కోటింగ్ కూడా ఎండకి పోతే పోనీ. ఇంటిదాకా బండి నడపడానికి చాలు. మొన్న మళ్ళీ పంటు ఎక్కాను, అదే అబ్బాయి. నా తల వెనక పట్టీ చూసి నవ్వి, "ఈసారి కట్టేశారన్నమాటండి" అన్నాడు.